రూపాయి ఎన్నిసార్లు చేతులు మారుతుంది? డబ్బు, దాని వేగం, ధరల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. పాఠం చెప్పడం మానేసినా ప్రశ్నలు మానలేదు. పాత విద్యార్థులు, మా వీధి కిరాణా దుకాణదారు, అపార్టుమెంటులోని పెద్దలు అందరూ దాదాపు ఒకటే అడుగుతారు: డబ్బు ఎక్కువైతే ధరలు పెరుగుతాయని చెప్పారు కదా, మరి ఫలానా ఏడాది ఎందుకు అలా జరగలేదు? ఆ ప్రశ్నకు జవాబు డబ్బు మొత్తంలో సగమే ఉంది. మిగతా సగం దాని వేగంలో ఉంది. పాఠ్యపుస్తకాలు ఆ రెండో సగాన్ని ఒక్క పేరాలో దాటేస్తాయి. అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ద్రవ్య సరఫరా అంటే ముద్రించిన నోట్ల మొత్తమేనా?

కాదు. నోట్లు అందులో చిన్న భాగం. రిజర్వు బ్యాంకు ఎక్కువగా వాడే లెక్కను ఎం3 అంటారు. ప్రజల చేతుల్లోని నగదు, బ్యాంకు ఖాతాల్లోని సొమ్ము, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అన్నీ అందులోకి వస్తాయి. 2020 మార్చి చివర దేశంలో ఎం3 సుమారు 168 లక్షల కోట్ల రూపాయలు. అందులో ప్రజల చేతిలో ఉన్న నగదు ఏడో వంతుకు కాస్త అటూ ఇటూ.

మరి మిగతా డబ్బు ఎక్కడ పుట్టింది?

చాలావరకు బ్యాంకు అప్పుల్లో. మియాపూర్‌లో ఒకరు ఫ్లాటు కొనడానికి 40 లక్షల గృహరుణం తీసుకున్నారనుకోండి. బ్యాంకు ఆ సొమ్మును బిల్డరు ఖాతాలో జమ చేస్తుంది. అందుకోసం ఏ డిపాజిటుదారు ఖాతాలోనూ ఒక్క రూపాయి తగ్గదు. నిన్న లేని 40 లక్షల డిపాజిటు ఈరోజు కొత్తగా ఉంది, అంటే ద్రవ్య సరఫరా అంతమేర పెరిగింది. నెలనెలా వాయిదాల్లో అసలు తీరుతున్న కొద్దీ అంత డబ్బు మాయమవుతూ వస్తుంది. అందరూ కలిసి తీర్చేదానికంటే కొత్తగా తీసుకునే అప్పు ఎక్కువైనప్పుడు మొత్తం డబ్బు పెరుగుతుంది. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటును కదిపేది ఈ కుళాయిని బిగించడానికో వదలడానికో.

డబ్బుకు వేగం ఏమిటి?

ఒక ఏడాదిలో ఒక్కో రూపాయి సగటున ఎన్నిసార్లు ఖర్చయిందో అదే దాని వేగం. ఉదయం నేను కిరాణా దుకాణంలో ఇచ్చిన 500 నోటు మధ్యాహ్నానికి బేగంబజార్‌లో టోకు వ్యాపారి గల్లాపెట్టెలో ఉండవచ్చు. సాయంత్రం హమాలీ కూలీగా మారి, రాత్రికి కూరగాయల బండి దగ్గరికి చేరవచ్చు. అదే నోటు మా బీరువాలో చీరల మడతల మధ్య ఉండిపోతే ఏడాదంతా దాని వేగం సున్నా. రెండూ ద్రవ్య సరఫరాలో సమానంగానే లెక్కకు వస్తాయి. ధరల మీద వాటి ప్రభావం మాత్రం సమానం కాదు.

ఎక్కువ డబ్బు అవే సరుకుల వెంట పడితే ధర ఎలా పెరుగుతుందో ఒక లెక్కతో చూపగలరా?

లెక్క సులువు కావడానికి చుట్టూ గోడ కట్టిన ఒక చిన్న ఊరిని ఊహించుకుందాం. వంద మంది ఉన్నారు, ఒక్కొక్కరి దగ్గర వెయ్యి రూపాయలు. మొత్తం లక్ష. అక్కడ అమ్మేది సోనా మసూరి బియ్యం ఒక్కటే, నెలకు 8,000 కిలోలు. ఒక్కో రూపాయి నెలలో నాలుగుసార్లు చేతులు మారుతుంది. అంటే నెల మొత్తం అమ్మకాలు నాలుగు లక్షలు. నాలుగు లక్షలను 8,000 కిలోలతో భాగిస్తే కిలో 50 రూపాయలు. ఈ సంబంధాన్నే అర్థశాస్త్రంలో ఇలా రాస్తారు:

M × V = P × Q

M అంటే డబ్బు, V దాని వేగం, P ధర, Q సరుకు పరిమాణం. 1911లో అమెరికన్ అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ దీనికి దాదాపు ఈ రూపం ఇచ్చాడు. ఆయన Q స్థానంలో మొత్తం లావాదేవీలను పెట్టాడు. ఆ తేడా యూపీఐ ప్రశ్న దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు ఊరిలో ప్రతి ఒక్కరికీ మరో వంద రూపాయలు చేరాయి. మొత్తం 1,10,000. వేగం నాలుగే, బియ్యం 8,000 కిలోలే. అమ్మకాలు 4,40,000 అయ్యాయి, ధర 55కు చేరింది. అందరి చేతిలో పది శాతం ఎక్కువ డబ్బుంది, ఒక్కరికీ ఒక్క గింజ ఎక్కువ రాలేదు.

కానీ ఆ వంద రూపాయలను అందరూ పెట్టెలో దాచుకుంటే? డబ్బు 1,10,000 అయినా అమ్మకాలు నాలుగు లక్షలే. వేగం 3.64కి పడిపోయింది, ధర 50 దగ్గరే ఉంది. ఇంకో దారి కూడా ఉంది. పొలం బాగా పండి బియ్యం 8,800 కిలోలు వస్తే, కొత్త డబ్బంతా ఖర్చయినా ధర 50 దాటదు. మిగతా జవాబులన్నీ ఈ మూడు దారుల చుట్టూనే తిరుగుతాయి.

దుకాణదారుకు ఎం3 అంటే తెలియదు కదా, ధర ఎవరు పెంచుతారు?

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. మొదటిసారి అడిగింది ఒక కిరాణా వ్యాపారే.

అదే ఊరికి వెళదాం. డబ్బు పెరిగిన మొదటి నెలలో దుకాణదారు పాత ధరకే, 50కే అమ్ముతున్నాడు. కొనేవాళ్లు కాస్త ఎక్కువ తీసుకెళ్తున్నారు. నెలాఖరు దాకా రావాల్సిన 8,000 కిలోలు ఇరవై ఏడో తేదీకే అయిపోయాయి. ఆయనకు తెలిసింది అంతే: సరుకు ముందే అయిపోయింది. వచ్చే నెల టోకు వ్యాపారిని ఎక్కువ బస్తాలు అడుగుతాడు. టోకు వ్యాపారి దగ్గరికి అన్ని దుకాణాల నుంచీ అదే మాట వస్తుంది, ఆయన మిల్లుకు ఫోన్ చేస్తాడు. మిల్లులో వడ్లు పెరగలేదు. ముందుగా, ఎక్కువ ధరకు అడిగినవారికి లారీ వెళ్తుంది. ఆ ధర వెనక్కి నడిచి దుకాణంలోని పలక మీదికి వస్తుంది.

ఈ గొలుసులో ఎవరూ ద్రవ్య సరఫరా గురించి ఆలోచించలేదు. ప్రతి ఒక్కరూ తన గోదాములో నిల్వను మాత్రమే చూశారు. కనుక ధర పెరగడానికి ముందు కనబడే గుర్తు ఖాళీ అల్మరా. ఈ నడకకు సమయం పడుతుంది. కూరగాయల్లో వారాలు చాలు. ఇంటి అద్దెల్లో పదకొండు నెలల ఒప్పందం తీరాలి. జీతాల్లో ఏడాది పట్టవచ్చు. డబ్బు ఈ నెల పెరిగిందని వచ్చే నెల ధరల సూచీలో జవాబు వెతికేవారు నిరాశపడేది అందుకే.

కరోనా ఏడాదిలో డబ్బు బాగా పెరిగింది కదా, అప్పుడు ధరలు ఎందుకు మండిపోలేదు?

మన దేశంలో వేగం అంటే ఏమిటో చూపడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. కాస్త నిదానంగా చూద్దాం.

2020 మార్చి చివర ఎం3 సుమారు 168 లక్షల కోట్లు. 2021 మార్చి చివరకు 188 లక్షల కోట్లు. పన్నెండు శాతం పెరుగుదల. రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని, 4.40 శాతానికి, మే నెలలో 4 శాతానికి తగ్గించింది. అదే ఏడాది ప్రస్తుత ధరల్లో దేశ జీడీపీ, అంటే మన సమీకరణంలో P × Q, సుమారు 201 లక్షల కోట్ల నుంచి 198 లక్షల కోట్లకు తగ్గింది. డబ్బు పెరిగింది, ఖర్చు తగ్గింది.

వేగాన్ని లెక్కగడితే, 2019-20లో 201ని 168తో భాగించాలి, సుమారు 1.2 వస్తుంది. 2020-21లో 198ని 188తో భాగిస్తే 1.05. ఒక్క ఏడాదిలో రూపాయి పన్నెండు శాతం నెమ్మదించింది. M పెరిగినంతా V తినేసింది.

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్నవారికి ఈ అంకె కళ్ల ముందు కనబడే ఉంటుంది. అమీర్‌పేటలో కోచింగ్ కేంద్రాలు మూతపడ్డాయి, వాటి మీద బతికే హాస్టళ్లు, టిఫిన్ బళ్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లు పది మందితో జరిగాయి. జీతం వస్తున్నవారికి ఖర్చుపెట్టే చోటు లేదు, జీతం ఆగినవారికి చేతిలో ఉన్నది ఖర్చుపెట్టే ధైర్యం లేదు. ఆసుపత్రి ఖర్చుకని ఇంట్లో నగదు ఉంచుకున్న కుటుంబాలు ఎన్నో. ఆ ఏడాది చలామణిలో ఉన్న నోట్ల విలువ 16.8 శాతం పెరిగింది. మార్కెట్లు మూసి ఉన్న ఏడాదిలో నోట్లు అంతగా పెరిగాయంటే అవి చేతులు మారడానికి కాకుండా, దాచుకోవడానికే ఎక్కువగా వెళ్లాయని అర్థం.

అయితే అదే ఏడాది వినియోగ ధరల ద్రవ్యోల్బణం సగటున 6.2 శాతం ఉంది, తక్కువేమీ కాదు. అది Q వైపు నుంచి వచ్చింది. స్థిర ధరల్లో జీడీపీ, అంటే ధరల మార్పును తీసేసి లెక్కించినది, దాదాపు ఆరు శాతం తగ్గింది. లారీలు ఆగాయి, కర్మాగారాలు మూతపడ్డాయి. ఒకవేళ రూపాయి వేగం పాత 1.2 దగ్గరే నిలిచి ఉంటే? డబ్బు 12 శాతం పెరిగి, సరుకు 6 శాతం తగ్గితే ధరలు దాదాపు 19 శాతం పెరగాల్సి వచ్చేది. ఇది కాగితం మీది లెక్క మాత్రమే. వేగం పడిపోకుండా సరుకు ఒక్కటే పడిపోయే పరిస్థితి అప్పుడు లేదు. అయినా రూపాయి నెమ్మదించడం ఎంత పెద్ద భారాన్ని మోసిందో ఈ అంకె చెబుతుంది.

ఆగిన ఆ డబ్బు తరువాత ఏమైంది?

లేచి నడిచింది. 2023 మార్చి చివరకు ఎం3 సుమారు 223 లక్షల కోట్లు. రెండేళ్లలో పెరుగుదల 19 శాతం లోపే. కానీ అదే రెండేళ్లలో ప్రస్తుత ధరల జీడీపీ 198 నుంచి సుమారు 269 లక్షల కోట్లకు, అంటే 36 శాతం పెరిగింది. రూపాయి వేగం మళ్లీ 1.2కు వచ్చింది. దుకాణాలు తెరిచారు, పెళ్లిళ్లు మళ్లీ ఘనంగా జరిగాయి, వాయిదా పడిన కొనుగోళ్లన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. 2022-23లో వినియోగ ధరలు సగటున 6.7 శాతం పెరిగి, రిజర్వు బ్యాంకుకు గీసిన ఆరు శాతం పైగీతను దాటాయి. 2022 మేలో 4 శాతం దగ్గరున్న రెపో రేటును అది 2023 ఫిబ్రవరికి 6.50కి తీసుకెళ్లింది.

కాబట్టి డబ్బు పెరిగినా ధరలు పెరగలేదని ఒక ఏడాది చూసి నిశ్చింతగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. దాచిన డబ్బు రద్దయిన డబ్బు కాదు.

2022లో నూనె ధర పెరిగింది ఉక్రెయిన్ యుద్ధం వల్ల కదా? దానికీ డబ్బుకూ సంబంధం ఏమిటి?

సన్‌ఫ్లవర్ నూనె విషయంలో మీ మాట నిజమే. మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. ఆ ఏడాది పెరిగిన ధరల్లో యుద్ధానికి పెద్ద వాటా ఉంది, దాన్ని డబ్బు ఖాతాలో రాయడం తప్పు.

అయితే ఒక తేడా గమనించండి. ఇంటి ఖర్చు అంతే ఉండి నూనెకు నెలకు 300 ఎక్కువైతే, ఆ 300 మరో చోట తగ్గాలి. హోటలుకు ఒకసారి తక్కువ వెళ్తారు, చీర వచ్చే పండక్కి వాయిదా పడుతుంది. అక్కడి అమ్మకందారులు ధర పెంచలేరు. ఒక్క వస్తువు ధర పెరగడం, ధరలన్నీ పెరగడం వేరువేరు. నూనెతో పాటు క్షవరం, ట్యూషన్ ఫీజు, ఆటో కిరాయి, టైలరు కూలీ కూడా పెరుగుతూ, జనం అన్నిటికీ చెల్లించగలుగుతుంటే, మొత్తం ఖర్చు పెరిగిందన్నమాట. M గానీ, V గానీ కదిలిందన్నమాట. దిగుమతితో సంబంధంలేని సేవల ధరలను చూడమని నేను విద్యార్థులకు చెప్పేది అందుకే.

హైదరాబాద్‌లో బియ్యం కంటే ప్లాట్ల ధరలు ఎంతో వేగంగా పెరిగాయి. అది కూడా ఇదేనా?

చాలావరకు ఇదే, కానీ సూచీలో కనబడదు. కొత్త డబ్బు అందరికీ ఒకేసారి, సమానంగా చేరదు. పైన చెప్పినట్టు అది అప్పుగా పుడుతుంది, అప్పు ఎవరికి దొరికితే వారి దగ్గర మొదట ఖర్చవుతుంది. మన నగరంలో దానిలో పెద్ద పాయ స్థలాల వైపు, ఫ్లాట్ల వైపు పారుతుంది. బియ్యం ధర పెరిగితే రైతు ఇంకో ఎకరం వేయగలడు. కోకాపేటలో ఇంకో ఎకరాన్ని ఎవరూ పండించలేరు. Q కదలనిచోట డబ్బంతా P లోకే వెళుతుంది.

పాత ప్లాటు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడైతే, ఆ కోటి రూపాయలు జీడీపీలోకి రావు, ఎందుకంటే కొత్తగా తయారైంది ఏమీ లేదు. వినియోగ ధరల సూచీలోనూ ఇంటికి సంబంధించి అద్దెనే లెక్కిస్తారు, స్థలం ధరను కాదు. స్థలాల్లో తిరిగే డబ్బు అందుకే జీడీపీతో కొలిచిన వేగంలో ఆగిపోయిన డబ్బులా కనిపిస్తుంది. ఈ కొలతలో ఇది నిజమైన లోపం.

యూపీఐ వచ్చాక డబ్బు క్షణంలో చేతులు మారుతోంది. వేగం ఎంతో పెరిగి ఉండాలి కదా?

ఫిషర్ లెక్కలోని వేగం, అంటే లావాదేవీల వేగం, పెరిగిందనడంలో సందేహం లేదు. జీడీపీతో కొలిచే వేగం మాత్రం పెద్దగా కదలలేదు. 2019-20లోనూ 1.2, 2022-23లోనూ 1.2. నేను మా అబ్బాయికి పంపిన ఐదు వేలు, అతను స్నేహితుడికి తీర్చిన రెండు వేలు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చుకున్న పది వేలు ఇవన్నీ లావాదేవీలే, కానీ వీటిలో కొత్త సరుకు కొన్నది ఒక్కటీ లేదు. టీ తాగి పది రూపాయలు ఫోనుతో చెల్లించినా, నాణెంతో చెల్లించినా తాగింది ఒక్క టీనే. యూపీఐ చెల్లింపు పద్ధతిని మార్చింది. జనం ఆదాయంలో ఎంత ఖర్చుపెట్టి ఎంత దాచుకోవాలనే నిర్ణయాన్ని అంతగా మార్చలేదు. ఎం3లో పెద్ద భాగమైన ఫిక్స్‌డ్ డిపాజిట్లు యూపీఐలో తిరగవు కూడా.

హైదరాబాద్ సంస్థానానికి సొంత రూపాయి ఉండేది కదా, ఇక్కడ ధరలు వేరుగా ఉండేవా?

హాలీ సిక్కా గురించి పెద్దల ఇళ్లలో ఇప్పటికీ వింటాం. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ నాణేలు కొందరి దగ్గర ఇంకా ఉన్నాయి. 1918 నుంచి సంస్థానం కాగితపు నోట్లు కూడా వేసింది. 1941లో ఏర్పాటు చేసిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఆ నాణేల, నోట్ల నిర్వహణ చూసింది. 1959లో ఆ డబ్బు పూర్తిగా చెల్లుబాటు కోల్పోయింది.

కానీ హాలీ రూపాయికీ, ఇక్కడివారు కల్దార్ అని పిలిచిన బ్రిటిష్ ఇండియా రూపాయికీ మారకం దాదాపు స్థిరం: ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మారకం కట్టేసి, సరిహద్దు దాటి వ్యాపారం జరుగుతుంటే, అవతల పెరిగిన ధర ఇవతలికి రాక తప్పదు. అవతల ఖరీదైతే ఇక్కడి సరుకు అటు వెళ్తుంది, అక్కడి డబ్బు ఇటు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన సైనిక ఖర్చుకు ఇక్కడ రూపాయలు తీసుకుని, బదులుగా లండన్‌లో పౌండ్లు జమ చేసింది. ఆ పౌండ్ల హామీ మీద రిజర్వు బ్యాంకు నోట్లు వేస్తూ పోయింది. 1939 నుంచి 1945 మధ్య బ్రిటిష్ ఇండియాలో నోట్లు సుమారు ఆరు రెట్లయ్యాయి. సరుకులు మాత్రం సైన్యానికి పోయాయి.

టోకు ధరల అధికారిక సూచీ అప్పుడు పెరిగింది సుమారు రెండున్నర రెట్లే. రేషను, ధరల నియంత్రణ ఉన్నాయి. కొనడానికి సరుకు లేక డబ్బు చేతుల్లోనే పేరుకుంది, అంటే వేగం తగ్గింది. 1947 చివర్లో భారత ప్రభుత్వం నియంత్రణలు సడలించగానే కొద్ది నెలల్లో ధరలు మళ్లీ ఎగబాకాయి. 1948లో నియంత్రణలు తిరిగి తేవాల్సి వచ్చింది. కరోనా తరువాతి రెండేళ్లను చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఏడాదే.

రూపాయి వేగాన్ని నేనే లెక్కగట్టవచ్చా?

తప్పకుండా. ఎం3 అంకెను రిజర్వు బ్యాంకు పక్షానికోసారి ప్రకటిస్తుంది. ప్రస్తుత ధరల జీడీపీని కేంద్ర గణాంక శాఖ మూడు నెలలకోసారి ఇస్తుంది. ఏడాది జీడీపీని ఎం3తో భాగిస్తే చాలు. నేను పైన లెక్క సులువుగా ఉండాలని మార్చి చివరి ఎం3 వాడాను. ఇంకా సరిగ్గా కావాలంటే ఏడాది పొడవునా ఉన్న ఎం3 సగటు తీసుకోండి, అప్పుడు అన్ని ఏళ్లకూ వేగం కొద్దిగా ఎక్కువ వస్తుంది. మూడు నెలల జీడీపీతో లెక్కించేటప్పుడు దాన్ని నాలుగుతో హెచ్చించడం మరవకండి. అలా చేసినా దసరా, దీపావళి ఉన్న త్రైమాసికాన్ని దాని ముందరి దానితో పోల్చకండి, గత ఏడాది అదే త్రైమాసికంతోనే పోల్చండి. జీడీపీ అంకెలను తరువాతి రెండు మూడేళ్లు సవరిస్తూ ఉంటారు. కాబట్టి రెండో దశాంశ స్థానంలో కనబడే మార్పును బట్టి ఏ నిర్ణయానికీ రావద్దు.